టోనర్‌కి కంపాటబుల్, ఇంకుకి ఒరిజినల్: నా లెక్క ఇదీ

(జిరాక్స్, నెట్ సెంటర్, డీటీపీ షాపుల వాళ్లు పెట్టుకున్న ఒక సమావేశంలో ప్రింటర్ సర్వీస్ చేసే ఒకాయన మాట్లాడిన మాటలు, రికార్డింగ్ విని రాసినవి. మధ్యలో వచ్చిన ప్రశ్నలూ ఉన్నాయి.)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసకి వినపడుతోందా? సరే, మైకు కొంచెం దగ్గర పెట్టుకుంటాను.

ఏ షాపుకి వెళ్లినా నన్ను అడిగేది ఒకటే, కంపాటబుల్ వేస్తే ప్రింటర్ పాడైపోతుందా అని. నేను తిరిగి అడిగేది కూడా ఒకటే, మీది లేజరా, ఇంక్ ట్యాంకా అని. ఎందుకంటే ఈ రెండింటికీ జవాబు ఒకటి కాదు, పూర్తిగా తిరగబడుతుంది. మన షాపుల్లో ఎక్కువగా ఉండే బ్లాక్ అండ్ వైట్ లేజర్ అయితే కంపాటబుల్ వేసుకోండి, నిశ్చింతగా ఉండండి అంటాను. ఇంక్ ట్యాంక్ అయితే మాత్రం కంపెనీ బాటిలే పోయండి అంటాను. చాలామంది సరిగ్గా దీనికి ఉల్టా చేస్తున్నారు, లేజర్‌లో ఒరిజినల్ వేసి వేలకు వేలు పెడతారు, ఇంక్ ట్యాంక్ దగ్గరకొచ్చేసరికి రెండొందలు మిగులుతాయని ఏదో లీటరు డబ్బా తెచ్చి పోస్తారు. ఎందుకలా అంటున్నానో లెక్కతో చెప్తాను, తర్వాత స్క్రీన్ మీద వచ్చే ఆ బెదిరింపు మెసేజీల సంగతి చూద్దాం.

ముందు ఒక్క విషయం తేల్చుకుందాం. బజార్లో దొరికేవి నాలుగు రకాలు. కంపెనీ వాడు తయారు చేసి తన పేరుతో అమ్మేది ఒరిజినల్. వేరే కంపెనీ తన సొంత పేరు వేసుకుని, ఫలానా ప్రింటర్‌కి సరిపోతుందని చెప్పి అమ్మేది కంపాటబుల్, ఇందులో దొంగతనం ఏమీ లేదు. మీ ఖాళీ కార్ట్రిడ్జ్‌లోనే పౌడర్ పోయించుకుంటే అది రీఫిల్. నాలుగోది డూప్లికేట్, అంటే లోపల కంపాటబుల్ పెట్టి పైన ఒరిజినల్ డబ్బా, స్టిక్కరు వేసి ఒరిజినల్ ధరకి కాస్త తగ్గించి అమ్మేది. ఈ నాలుగోదాంట్లోనే మన డబ్బులు నిజంగా పోతాయి. ఐదు వేల పైన ఉండే కార్ట్రిడ్జ్‌ని ఎవరైనా "ఒరిజినలే అన్నా, మీకు కాబట్టి మూడు వేలు" అన్నాడంటే అక్కడే ఆగిపోండి. ఆరొందల సరుకు ఆరొందలకి కొనుక్కుంటే నష్టం లేదు, దాన్నే మూడు వేలకి కొనకూడదు.

సరే, లెక్క. అందరికీ తెలిసిన 12ఏ టోనర్ కార్ట్రిడ్జ్ తీసుకుందాం. హెచ్‌పీ 1010, 1018, 1020, 1022, ఎం1005 వీటన్నిటికీ అదే. కెనాన్ ఎల్‌బీపీ 2900లో వేసే 303 కూడా దాదాపు అదే డబ్బా, ఎందుకంటే ఆ హెచ్‌పీ మిషన్ల లోపల ఇంజిన్ చేసింది కెనానే. అందుకే కంపాటబుల్ డబ్బా మీద 12ఏ, 303 రెండూ కలిపి రాసి ఉంటాయి, మీరు చూసే ఉంటారు. ఇది ఎన్ని పేజీలు ఇస్తుంది అంటే కంపెనీ చెప్పేది 2000.

ఆ 2000 ఎక్కడి నుంచి వచ్చింది? ఐఎస్ఓ 19752 అని ఒక ప్రమాణం ఉంది. ఒక టెస్ట్ పేజీని ఆపకుండా వరసగా కొడుతూ పోయి, ప్రింట్ వెలిసిపోయేదాకా లెక్కేస్తారు. మనం మాట్లాడుకునే 5 శాతం కవరేజీ అంటే, పేజీ మొత్తంలో నల్లగా అయిన భాగం ఇరవయ్యో వంతు అని. ఒక మామూలు ఉత్తరం, అది కూడా మార్జిన్లు వదిలి కొట్టింది, దాదాపు అంత ఉంటుంది. బండి మీద కంపెనీ చెప్పే మైలేజీ లాంటిదే ఇది, అబద్ధం కాదు గానీ మన రోడ్డు మీద రాదు.

ధరలు మీ ఊళ్లో వేరుగా ఉండొచ్చు, లెక్క కోసం ఒరిజినల్ 5600 అనుకుందాం. 2000 పేజీలకి భాగిస్తే పేజీకి రెండు రూపాయల ఎనభై పైసలు. మీరు ప్రింట్‌కి అయిదు తీసుకుంటారో పది తీసుకుంటారో మీ ఇష్టం, కానీ జిరాక్స్ రేటు రెండు రూపాయలున్న చోట ఇది కట్టెయ్యక తప్పని నష్టం. ఇప్పుడు కంపాటబుల్ 600 అనుకుందాం. డబ్బా మీద వాడూ 2000 అనే రాస్తాడు, నేను నమ్మను, 1500 వేసుకుంటాను. పేజీకి 40 పైసలు.

"మరి అన్నీ సరిగ్గా పనిచేస్తాయా" అంటారు. చేయవు. కాబట్టి ఆ నష్టం కూడా లెక్కలోకి తెద్దాం. పది కొంటే ఒకటి పూర్తిగా వేస్ట్ అనుకోండి, షాపువాడు మార్చి కూడా ఇవ్వలేదు అనుకోండి. పది కార్ట్రిడ్జ్‌లకి 6000, తొమ్మిదే పనిచేశాయి కాబట్టి 13500 పేజీలు. ఇంకా చెడ్డగా వేసుకుందాం, గీతలొచ్చి పారేసిన కాగితం ఒక రీమ్ పోయింది, 250. మొత్తం 6250, భాగిస్తే పేజీకి 46 పైసలు. అంటే ఇంత నష్టం మోసుకుని కూడా ఒరిజినల్‌లో ఆరో వంతు దగ్గరే ఉంది. ఆ తేడాని దాటాలంటే కంపాటబుల్ ఎంత దరిద్రంగా ఉండాలో మీరే ఆలోచించండి.

రీఫిల్ ఇంకా తక్కువ పడుతుంది. పౌడర్ పోయడానికి 200, 1300 పేజీలు వచ్చాయి అనుకుంటే పదిహేను పైసలు. కానీ రెండుమూడు సార్లకి పౌడర్‌ని కాగితం మీదికి చేర్చే డ్రమ్ అరుగుతుంది, దాని పక్కన వైపర్ బ్లేడ్ అని రబ్బరు పట్టీ ఉంటుంది, అదీ పోతుంది. మూడు రీఫిల్స్‌కి ఒకసారి డ్రమ్, బ్లేడ్ కలిపి ఇంకో 200 పెట్టారనుకుంటే 800 రూపాయలకి 3900 పేజీలు, అంటే ఇరవై పైసలు చిల్లర. పోయడానికి వచ్చినవాడు వేస్ట్ పౌడర్ గది ఖాళీ చేశాడా లేదా అన్నది మీరు దగ్గరుండి చూసుకోవాలి, ఎందుకో ఇప్పుడే చెప్తాను.

దానికంటే ముందు, మీలో ఎవరైనా కార్ట్రిడ్జ్‌ని తూకం వేశారా ఎప్పుడైనా? నవ్వకండి, వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా చాలు, ఒక గ్రాము చూపించేది. కొత్త కార్ట్రిడ్జ్ వేసేముందు తూచి ఆ అంకె డబ్బా మీదే మార్కర్‌తో రాసిపెట్టుకోండి. 500 పేజీలయ్యాక తీసి మళ్లీ తూచండి. 12ఏలో డ్రమ్ మీద మిగిలిపోయిన పౌడర్ కూడా ఆ డబ్బాలోనే ఇంకో గదిలో పడుతుంది, బయటికి పోదు, కాబట్టి తగ్గిన బరువంతా కాగితం మీదికి వెళ్లిందే. 25 గ్రాములు తగ్గితే పేజీకి 50 మిల్లీగ్రాములు, అది మామూలు అక్షరాల పేజీ. 50, 60 గ్రాములు తగ్గిందా, మీ షాపులో పడుతున్న పేజీలు 5 శాతం పేజీలు కావు, అంతకి రెట్టింపు. అప్పుడు "వీడు 2000 అన్నాడు, 800కే అయిపోయింది, మోసం" అని కార్ట్రిడ్జ్ అమ్మినవాడి మీద పడితే ఏం లాభం? 80 గ్రాములు పోసినవాడు 80 గ్రాములే ఇస్తాడు. కంపాటబుల్‌కి నేను 1500 వేసుకున్నది కూడా అందుకే, 80 గ్రాములు నింపి ఉంటే పేజీకి 50 మిల్లీగ్రాముల చొప్పున 1600, అందులో కొంత వేస్ట్ గదిలోకి పోతుంది.

ఈ రెట్టింపు ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడండి. ఆధార్ కార్డు కాపీ తీస్తారు, కార్డు చిన్నదే, కానీ కాపీ సెట్టింగ్ ఫోటో మీద ఉంటుంది. పాత కాగితం పెట్టి కాపీ కొడితే తెల్లగా ఉండాల్సిన చోటంతా లేత బూడిద రంగులో సన్నటి చుక్కలు పడతాయి. దూరం నుంచి చూస్తే తెలీదు, దగ్గర పెట్టి చూడండి, పేజీ నిండా పౌడరే. టెక్స్ట్ మోడ్‌కి మార్చి, డార్క్‌నెస్ ఒక మెట్టు తగ్గిస్తే ఆ చుక్కలు పోతాయి. కంపాటబుల్ ఏ బ్రాండ్ అని వారం రోజులు ఆలోచించేదానికంటే ఈ ఒక్క బటన్ ఎక్కువ మిగులుస్తుంది.

ఇప్పుడు కంపాటబుల్ టోనర్‌లో ఏం పాడవుతుంది, ఎలా తెలుస్తుంది. ఈ షీట్ చూడండి, ముందు వరసవాళ్లు చేతికి తీసుకోండి. ఇక్కడ ఒక నల్ల చుక్క ఉంది, కిందకి వస్తే మళ్లీ అదే చుక్క, మళ్లీ అదే. స్కేలు పెట్టి కొలవండి, మధ్యలో ఏడున్నర సెంటీమీటర్లు. 12ఏలో డ్రమ్ ఒక చుట్టు తిరిగితే సుమారు 75 మిల్లీమీటర్లు, కాబట్టి డ్రమ్ మీద ఎక్కడైనా గీత పడినా, మచ్చ పడినా, ఏ4 పేజీ మీద అదే గుర్తు మూడు నాలుగు సార్లు ఇదే దూరంలో పడి తీరుతుంది. ఇది కార్ట్రిడ్జ్ తప్పు, మార్చేస్తే పోతుంది. దూరం ఇది కాకుండా వేరేగా ఉంటే అది ఇంకో రోలర్, కార్ట్రిడ్జ్‌ని తిట్టొద్దు.

పైనుంచి కిందదాకా సన్నటి నల్ల గీత ఒకటే వస్తుంటే వైపర్ బ్లేడ్ అంచు తెగిందనో, డ్రమ్ మీద గీత పడిందనో అర్థం. పేజీ అంచుల్లో పౌడర్ రాలుతుంటే వేస్ట్ గది నిండిపోయింది. రీఫిల్ చేసేవాళ్లు కొంతమంది తొందరలో పైన కొత్త పౌడర్ పోసేసి వేస్ట్ గది ముట్టుకోరు, రెండోసారికే పొంగుతుంది, అందుకే దగ్గరుండి చూసుకోమన్నాను. ఇంకొకటి, ప్రింట్ బాగానే ఉంటుంది, బొటనవేలితో గట్టిగా రుద్దితే అక్షరం లేచి వస్తుంది. అంటే పౌడర్ సరిగ్గా కరగలేదు. పౌడర్‌ని కరిగించి కాగితానికి అంటించే ఫ్యూజర్ వేడి చాలకా, పౌడర్‌ ఆ వేడికి కరిగే రకం కాకా? తెలుసుకోవడం తేలిక, తెలిసిన ఇంకో కార్ట్రిడ్జ్ వేసి అదే పేజీ కొట్టి రుద్దండి. అక్కడా లేచిందంటే మిషన్‌లో ఫ్యూజర్, లేవకపోతే ఆ పౌడర్. మందం కాగితానికి సెట్టింగ్ మార్చకుండా కొట్టినా ఇలాగే లేస్తుంది, అది మర్చిపోవద్దు.

ఇవన్నీ విన్నాక ఒకటి గమనించారా? పాడైనవన్నీ డబ్బాలో ఉన్నవే. డ్రమ్ డబ్బాలో ఉంది, బ్లేడ్ డబ్బాలో ఉంది, పౌడర్ డబ్బాలో ఉంది. చెత్త కార్ట్రిడ్జ్ పడిందంటే తీసి పారేసి కొత్తది వేస్తే మిషన్ మళ్లీ మామూలే, మహా అయితే లోపల రాలిన పౌడర్ తుడవడానికి నన్ను పిలుస్తారు. నా మొత్తం వాదన దీని మీదే నిలబడి ఉంది, ఇంక్ ట్యాంక్ దగ్గర ఇది తిరగబడుతుంది.

(ప్రేక్షకుల్లోంచి: అన్నా, బ్రదర్‌లో డ్రమ్ వేరే ఉంటుంది కదా?)

అవును, మంచి ప్రశ్న. బ్రదర్ ఎల్2321లో టోనర్ వేరు, డ్రమ్ వేరు. టోనర్ టీఎన్ 2365, 2600 పేజీలు అంటాడు. డ్రమ్ డీఆర్ 2365, 12000 పేజీలు. అక్కడ టోనర్ పౌడర్ బాగోలేకపోతే డ్రమ్ మీద కూడా ప్రభావం ఉంటుంది, డ్రమ్ ధర వేరే పెట్టాలి. కాబట్టి అక్కడ పేజీ లెక్క వేసేటప్పుడు టోనర్ ధర ఒక్కటే వెయ్యొద్దు, డ్రమ్ ధరని 12000తో భాగించి అది కూడా కలపండి. అయినా కంపాటబుల్ వైపే మొగ్గుతుంది, తేడా కాస్త తగ్గుతుందంతే.

సరే, ఇప్పుడు మెసేజీలు. కొత్త లేజర్లలో కంపాటబుల్ పెట్టగానే స్క్రీన్ మీద ఏదో వస్తుంది, షాపులో కుర్రాడు టెన్షన్ పడి ఫోన్ చేస్తాడు. ఒక విషయం మనసులో పెట్టుకోండి, ప్రింటర్‌కి లోపల ఉన్న పౌడర్ ఎవరిదో, ఇంకు ఎవరిదో తెలిసే మార్గం లేదు. దానికి తెలిసేది కార్ట్రిడ్జ్ పక్కన అతికించిన చిన్న చిప్ మాత్రమే. ఆ చిప్‌లో ఒక నంబరు, ఎంత వాడారన్న లెక్క ఉంటాయి, ప్రింటర్ దాన్ని చదివి ఇది మా వాడిదా కాదా అని చూస్తుంది. ఎంత మిగిలిందన్నది కూడా చాలా ప్రింటర్లలో లోపల చూసి చెప్పేది కాదు, ఎన్ని చుక్కలు కొట్టింది, రోలర్ ఎన్ని చుట్లు తిరిగింది అని లెక్కగట్టి చెప్పేది. అందుకే రీఫిల్ చేశాక నిండుగా ఉన్నా ఖాళీ అనే చూపిస్తుంది. పాత 12ఏకి చిప్పే లేదు, అందుకే దానికి ఈ గొడవ ఎప్పుడూ రాలేదు, అది ఇంతకాలం మన షాపుల్లో బతకడానికి అదో పెద్ద కారణం అని నా ఉద్దేశం.

మెసేజీలన్నీ ఒకటి కాదు. మొదటి రకం, ఊరికే చెప్పేది. "Used or counterfeit cartridge detected" అని హెచ్‌పీలో వస్తుంది. చూస్తే భయంగా ఉంటుంది, నకిలీ అన్న మాట ఉంది కదా. కానీ మీరే రీఫిల్ చేయించిన మీ ఒరిజినల్ కార్ట్రిడ్జ్ పెట్టినా ఇదే వస్తుంది. ఓకే నొక్కితే ప్రింట్ అవుతుంది. కెనాన్ చిన్న ఇంక్‌జెట్లలో E13, E16 అని వస్తాయి, ఇంకు అయిపోయి ఉండొచ్చు అని. రీఫిల్ చేసి ఉంటే స్టాప్ బటన్ అయిదు సెకన్ల పైన నొక్కి పట్టుకోండి, ఆ కార్ట్రిడ్జ్‌కి లెక్కపెట్టడం ఆపేసి ప్రింట్ మొదలెడుతుంది. ఆ తర్వాత ఇంకు ఉందో లేదో చూసుకోవాల్సింది మీరే, ఎండిపోయాక కూడా కొడుతూ ఉంటే ఇంకు చల్లే హెడ్ కాలిపోతుంది.

రెండో రకం, ఆపేసేది. "The indicated cartridges have been blocked by the printer firmware because they contain a non-HP chip." ఈ వాక్యం వచ్చిందంటే ఓకే నొక్కడానికి ఏమీ లేదు. దీన్ని హెచ్‌పీ డైనమిక్ సెక్యూరిటీ అంటుంది. ఇది ప్రపంచమంతా తెలిసింది 2016 సెప్టెంబర్ 13న. ఆ రోజు వరకు చక్కగా పనిచేసిన ఆఫీస్‌జెట్ ప్రో ప్రింటర్లు, అవే కంపాటబుల్ కార్ట్రిడ్జ్‌లతో, ఆ రోజు నుంచి కొట్టము అన్నాయి. ఫర్మ్‌వేర్‌లో, అంటే ప్రింటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌లో, తేదీ ముందే పెట్టి ఉంచారు. పెద్ద గొడవైంది, అమెరికాలో కేసులు పడ్డాయి, 2020 చివర్లో ఇటలీలో పోటీ వ్యవహారాలు చూసే సంస్థ హెచ్‌పీకి కోటి యూరోల జరిమానా వేసింది, కొనేవాళ్లకి ఈ సంగతి సరిగ్గా చెప్పలేదని. అయినా ఆ పద్ధతి పోలేదు, ఇప్పుడు డబ్బా మీద చెప్పి మరీ చేస్తున్నారు.

(ప్రేక్షకుల్లోంచి: చిప్ లేకపోతే క్వాలిటీ పోతుంది, మిషన్‌కి ప్రమాదం అంటారు కదా సార్, అది నిజమేనా?)

దానికి నేను కాదు, కెనానే జవాబు చెప్పింది. 2022 మొదట్లో ప్రపంచంలో చిప్‌ల కొరత వచ్చింది గుర్తుందా, కార్లు కూడా ఆగిపోయాయి. అప్పుడు కెనాన్‌కి తన టోనర్లలో వెయ్యడానికే చిప్‌లు దొరకలేదు. చిప్ లేకుండానే తన ఒరిజినల్ టోనర్లు అమ్మింది. పెద్ద ఆఫీసుల్లో ఉండే ఇమేజ్‌రన్నర్ మిషన్లు వాటిని గుర్తుపట్టక వార్నింగ్ ఇచ్చాయి. కెనాన్ జర్మనీ వాళ్లు కస్టమర్లకి చెప్పిందేంటంటే, ఆ మెసేజ్ వస్తే ఓకే నొక్కి ముందుకెళ్లండి, ప్రింట్ క్వాలిటీకి ఏమీ కాదు, కాకపోతే ఎంత మిగిలిందో చూపించే లెక్క సరిగ్గా రాదు, నూరు శాతం నుంచి ఒక్కసారిగా సున్నాకి పడొచ్చు అని. చిప్ చేసే పని ఏంటో ఇంతకంటే బాగా ఎవరు చెప్తారు!

అలాగని పౌడర్ క్వాలిటీ తేడా లేదని నేననట్లేదు, ఇందాక వేలితో రుద్ది చూపించాను కదా. ఆ తేడా ఉంది, కానీ దాన్ని పట్టుకునేది చిప్ కాదు, మన కళ్లే.

వారంటీ సంగతి కూడా అడుగుతారు. హెచ్‌పీ తన గైడ్లలో రాసేది ఇదీ: వేరే కంపెనీ కార్ట్రిడ్జ్ గానీ రీఫిల్ గానీ వాడినంత మాత్రాన వారంటీ పోదు, కానీ పాడవడానికి కారణం ఆ కార్ట్రిడ్జే అయితే రిపేరుకి మామూలు చార్జీలు తీసుకుంటాం. కాబట్టి కాగితం లాగే రోలర్ పోతే కంపాటబుల్ వంక పెట్టడానికి లేదు. లోపలంతా పౌడర్ రాలి పోయిందంటే మాత్రం మన ఖర్చే. వారంటీలో ఉన్న మిషన్ సర్వీసుకి ఇచ్చేటప్పుడు ఏం రాశారో చదవకుండా జాబ్ షీట్ మీద సంతకం పెట్టొద్దు.

బ్లాక్ అవ్వకుండా ఏం చెయ్యాలి అంటే, పనిచేస్తున్న మిషన్‌ని అప్‌డేట్ చెయ్యొద్దు. కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి ప్రింటర్ ఐపీ అడ్రస్ కొట్టండి, ప్రింటర్ సొంత పేజీ ఒకటి తెరుచుకుంటుంది. హెచ్‌పీ ఇంక్‌జెట్లలో Tools కింద Printer Updates అని ఉంటుంది, అందులో Firmware Updates లోకి వెళ్లి ఆటోమేటిక్‌గా ఇన్‌స్టాల్ చేసేది ఆపెయ్యండి. లేజర్లలో పేర్లు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. అదే పేజీలో Cartridge Protection అనేది కనిపిస్తే అదీ ఆఫ్ చెయ్యండి. అది ఆన్‌లో ఉంటే ఆ కార్ట్రిడ్జ్ చిప్ ఆ ఒక్క మిషన్‌కే కట్టుబడిపోతుంది, తీసి పక్క మిషన్‌లో పెడితే "Protected" అని తిప్పికొడుతుంది. రెండు మిషన్లున్న షాపుల్లో, రాత్రికి రాత్రి ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పెట్టి నడిపించే వాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. ఇదొకటి ఒప్పుకోవాలి, అప్‌డేట్ ఆపేస్తే సెక్యూరిటీ రిపేర్లు కూడా ఆగుతాయి. షాపులో యూఎస్‌బీ వైరుతో నడిచే మిషన్‌కి అది పెద్ద విషయం కాదు, పెద్ద ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న మిషన్‌కి మాత్రం అక్కడి ఐటీ వాళ్లని అడగండి.

ఇక ఇంకు. ఎప్సన్ ఎల్3110, ఎల్3150 ఇవి మీలో చాలామంది దగ్గరున్నాయి. 003 బాటిల్, నలుపు 65 మిల్లీలీటర్లు, 4500 పేజీలు అంటాడు. బాటిల్ 400 అనుకుందాం. 400ని 4500తో భాగిస్తే తొమ్మిది పైసలు. తొమ్మిది పైసలండీ, ఒరిజినల్! హెడ్ క్లీనింగ్‌లో పోయేది, మొదటిసారి పైపుల్లో నిండేది తీసేసి, మన షాపు పేజీలకి సగమే వచ్చాయనుకున్నా పద్దెనిమిది పైసలు. బయటి ఇంకు 150కి దొరికింది అనుకోండి, పేజీకి మూడు నాలుగు పైసలు. ఎంత మిగిలింది? పేజీకి ఆరు పైసలు. నెలకి రెండు వేల పేజీలు కొట్టే షాపుకి నూట ఇరవై రూపాయలు.

ఆ నూట ఇరవై కోసం ఏం పణం పెడుతున్నారంటే హెడ్‌ని. టోనర్‌లో డ్రమ్ డబ్బాతో పాటే పోయింది, ఇక్కడ హెడ్ మిషన్‌లోనే ఉంటుంది, బాటిల్‌తో రాదు. ఎప్సన్‌లో హెడ్ మార్చాలంటే ఆ ధర వినగానే సగం మంది కొత్త మిషనే కొంటామంటారు. బయటి ఇంకులన్నీ చెడ్డవని కాదు, కానీ ఏది మంచిదో బాటిల్ చూసి మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. పైగా ఇంకులో రెండు జాతులున్నాయి, నీళ్లలో పూర్తిగా కరిగే డై, సన్నటి రేణువులు తేలుతూ ఉండే పిగ్మెంట్. 003లో నాలుగూ డై. కెనాన్ జి సిరీస్ 790లో నలుపు పిగ్మెంట్, రంగులు డై. "యూనివర్సల్ బ్లాక్" అని ఒకే డబ్బా రెండింటిలో పోస్తే ఎక్కడో ఒకచోట తేడా కొట్టాల్సిందే. పిగ్మెంట్ పోయాల్సిన చోట డై పోస్తే సర్టిఫికెట్ మీద చెయ్యి తడి తగలగానే అక్షరం అలుక్కుపోతుంది. డై హెడ్‌లో పిగ్మెంట్ పోస్తే రేణువులు పట్టి మెల్లగా నాజిల్స్ మూసుకుపోతాయి, నాజిల్ చెక్ పేజీలో మెట్లు మెట్లుగా ఉండే గీతల్లో మధ్యమధ్య ఖాళీలు కనిపిస్తాయి, క్లీనింగ్ పెట్టినా వేరే చోట ఖాళీలు వస్తుంటాయి. ఇలా వచ్చిందంటే క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టొద్దు. రెండుసార్లు చేసి ఒక రాత్రి ఆపేసి పొద్దున్న చూడండి.

ఈ క్లీనింగ్‌లో పోయిన ఇంకంతా మిషన్ అడుగున స్పాంజి ప్యాడ్‌లోకి వెళ్తుంది. అది నిండిందని లెక్క చెప్పినప్పుడు "A printer's ink pad is at the end of its service life" అని వచ్చి మిషన్ ఆగిపోతుంది. దీన్ని చూసి బయటి ఇంకు పోశాం కాబట్టి కంపెనీ లాక్ చేసింది అని అనుకునేవాళ్లున్నారు. సంబంధమే లేదు, ఒరిజినల్ పోసినా వస్తుంది. ప్యాడ్ మార్చి కౌంటర్ రీసెట్ చెయ్యాలి. కౌంటర్ ఒక్కటే రీసెట్ చేసి ప్యాడ్ మార్చకపోతే ఏదో ఒకరోజు ఇంకు టేబుల్ మీదికి కారుతుంది.

ఇంక ఇంట్లో వాడే చిన్న కార్ట్రిడ్జ్ ప్రింటర్లు, హెచ్‌పీ 803 లాంటివి. నల్లది 190 పేజీలు. 800 అనుకుంటే పేజీకి నాలుగు రూపాయల పైనే. వీటిల్లో హెడ్ కార్ట్రిడ్జ్‌కే అంటుకుని ఉంటుంది, కాబట్టి సిరంజితో రీఫిల్ చేసినా పోతే కార్ట్రిడ్జే పోతుంది, మిషన్‌కి ఏమీ కాదు. పిల్లల ప్రాజెక్టులకి ఎవరైనా అడిగితే రీఫిల్ చేసుకోమనండి, షాపులో మాత్రం వీటిని పెట్టొద్దు, ఏ లెక్కన చూసినా గిట్టుబాటు కాదు.

(ప్రేక్షకుల్లోంచి: ఇప్పుడు కొత్త లేజర్ కొనాలి, ఏం చూడమంటారు?)

మిషన్ ధర చూసే ముందు ఆ మోడల్‌కి కంపాటబుల్ టోనర్ చిప్‌తో సహా మీ ఊళ్లో ఎంతకి దొరుకుతుందో ఫోన్ చేసి కనుక్కోండి. ఇద్దరు ముగ్గురు డీలర్లు "అది ఇంకా రాలేదన్నా" అన్నారంటే ఆ మోడల్ వద్దు. తర్వాత డబ్బా నాలుగు వైపులా తిప్పి చూడండి, డైనమిక్ సెక్యూరిటీ ఉన్న హెచ్‌పీ అయితే, హెచ్‌పీ చిప్ ఉన్న కార్ట్రిడ్జ్‌లే వాడాలని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మోడల్ నంబరు చివర e అని ఉంటే ఇంకా జాగ్రత్త, అది హెచ్‌పీ ప్లస్ మోడల్. సెటప్ చేసేటప్పుడు ఆ ప్లస్‌కి ఒప్పుకుంటే, మిషన్ ఉన్నంత కాలం ఒరిజినలే వెయ్యాలి, నెట్ ఎప్పుడూ ఉండాలి, తర్వాత వెనక్కి తీసుకోవడం కుదరదు. షాపు కుర్రాడు సెటప్‌లో కనిపించిన ప్రతిదానికీ ఓకే ఓకే అని నొక్కుకుంటూ పోతాడు కదా, ఆ పది నిమిషాలు మాత్రం పక్కన మీరు కూర్చోండి.

ఇందాక ఎవరో 1020 కార్ట్రిడ్జ్ సంచిలో పెట్టుకొచ్చారు, గీత వస్తోందన్నారు. పైకి తీసుకురండి, ఒక పేజీ కొట్టి స్కేలు పెట్టి చూద్దాం.